క్లాస్ టీచర్‌కి ఒక తీరు, ప్రిన్సిపాల్‌కి ఒక తీరు: ఆటలమ్మ వచ్చిన పిల్లకు సెలవు చీటీ ఎలా రాయాలి?

ఉప్పల్_నాన్న · జూలై 16, సాయంత్రం 6:40

పాప ఏడో తరగతి, బి సెక్షన్. సోమవారం జ్వరం వస్తే పొద్దున్నే క్లాస్ టీచర్‌కి వాట్సాప్‌లో "మేడమ్, పాపకు జ్వరం, ఇవాళ రాదు" అని పెట్టాను. "సరేనండి, జాగ్రత్త" అన్నారు. మంగళవారం కూడా అంతే. ఈరోజు ఒంటి మీద పొక్కులు లేచాయి. డాక్టర్ చూసి చికెన్‌పాక్స్ అని, పది రోజులు ఇంట్లోనే ఉంచి పొక్కులు ఎండాక మళ్ళీ చూపించమన్నారు. టీచర్‌కి ఫోన్ చేస్తే "ఇన్ని రోజులంటే ప్రిన్సిపాల్ గారికి లెటర్ పెట్టండి, నాకు ఒక కాపీ ఇవ్వండి" అన్నారు. మధ్యలో 23 నుంచి ఎఫ్‌ఏ-1 పరీక్షలున్నాయి.

ప్రిన్సిపాల్ గారితో నాకు పరిచయం లేదు. ఇలా రాశాను:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడమ్ గారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా పాపకు అమ్మవారు పోసింది. కావున ప్లీజ్ కొన్ని రోజులు సెలవు ఇవ్వండి. ఎఫ్‌ఏ-1 సంగతి కూడా చూడండి. నోట్స్ ఎవరైనా పంపితే బాగుంటుంది. ఇట్లు మీ విధేయుడు, పాప వాళ్ళ నాన్న."

చదువుకుంటే నాకే అతకలేదు. మర్యాద ఎక్కువైందా, తక్కువైందా? ఇదే కాగితం ఇద్దరికీ ఇవ్వొచ్చా?

---

రికార్డు_గది · 7:15

బడి ఆఫీసులో ఉత్తరాల పని తెలిసినవాడిగా చెబుతున్నాను. మీ ఉత్తరంలో మర్యాదకేం లోటు లేదు, వివరాలకే లోటు.

ప్రిన్సిపాల్‌కి రాసిన కాగితం నేరుగా ఆవిడ చేతికి వెళ్ళదు. ముందు ఆఫీసులో తీసుకుంటారు. ఇన్‌వర్డ్ రిజిస్టర్ ఉన్న చోట నంబరు, తేదీ వేస్తారు. ఆ తర్వాత మిగతా కాగితాలతో కలిసి ఆవిడ బల్ల మీదికి చేరుతుంది. ఆవిడ మార్జిన్‌లో ఒక మాట రాసి సంతకం పెడతారు. అప్పుడు అది క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్తుంది, తిరిగొచ్చి ఫైల్లో పడుతుంది. ఇంతమంది చేతులు మారే కాగితం మీద "మా పాప", "పాప వాళ్ళ నాన్న" అని ఉంటే ఎవరి పాపో ఆఫీసులో ఎవరికి తెలుస్తుంది? క్లాస్ టీచర్‌కైతే మీ నంబరు చూడగానే తెలుస్తుంది. ఇద్దరికీ రాయడంలో అసలు తేడా ఇక్కడే ఉంది. ప్రిన్సిపాల్ పెద్దావిడ, టీచర్ చిన్నావిడ అన్న లెక్క కాదిది. ఒకరు మీ పిల్లను ఎరిగినవారు, ఇంకొకరు కాగితం మీద ఉన్నంతే ఎరిగినవారు.

అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నట్టు పూర్తి పేరు, తరగతి, సెక్షన్, రోల్ నంబరు, అడ్మిషన్ నంబరు రాయండి. ఏ తేదీ నుండి ఏ తేదీ వరకో రాయండి. "కొన్ని రోజులు" అన్న మాట చూస్తే ప్రిన్సిపాల్ దేనికి ఒప్పుకుంటున్నట్టు? సంతకం పెట్టలేక కాగితం పక్కన పెడతారు, లేదంటే ఆఫీసు నుంచి మీకు ఫోన్ చేయిస్తారు. "పాదపద్మములు" తీసేయకపోయినా నష్టం లేదు గానీ, "కొన్ని రోజులు" మాత్రం తీసేయాలి.

---

సరళ_టీచర్ · 7:50

పాదపద్మములు కూడా తీసేయండి! అది గురువులకో పీఠాధిపతులకో రాసే మాట. బడి ఆఫీసుకు రాసే కాగితంలో చదివేవారికే ఇబ్బందిగా ఉంటుంది.

క్లాస్ టీచర్ వైపు సంగతి చెబుతాను. సోమవారం మీరు పెట్టిన మెసేజ్ చాలా మటుకు సరైనదే, ఒక్క లోటుంది. "పాపకు జ్వరం" అన్నారు. నలభై మంది ఉన్న తరగతిలో అందరి నంబర్లూ పేర్లతో సేవ్ అయి ఉండవు. ఒక్కోసారి అమ్మ నంబరు ఉంటుంది, మెసేజ్ నాన్న పెడతారు. హాజరు వేసే వేళకు టీచర్ చేతిలో ఫోన్ ఉండేది అర నిమిషం. అందుకని మొదటి మాటే పిల్ల పేరు, తరగతి కావాలి, ఆ తర్వాత ఎందుకు రాదో, ఎప్పుడు వస్తుందో. హాజరు వేయకముందే పెట్టాలి. పది గంటలకు పెడితే అప్పటికే గైర్హాజరు పడి ఉంటుంది.

క్లాస్ టీచర్‌కి మరీ ఆఫీసు భాషలో రాయడం కూడా పొరపాటే. "గౌరవనీయులైన తరగతి ఉపాధ్యాయిని గారికి తెలియజేయునది ఏమనగా" అని వాట్సాప్‌లో వస్తే ముందు గుండె గుభేలుమంటుంది, ఏదో ఫిర్యాదు రాబోతోందని. రోజూ మాట్లాడుకునే మనిషి ఉన్నట్టుండి అంత దూరం జరిగి రాస్తే కోపం వచ్చిందనుకుంటాం కదా, అలాగే. "నమస్తే మేడమ్" చాలు, "అండి" చాలు. మర్యాద అందులోనే ఉంది.

ఇంకొకటి, "సెలవు మంజూరు చేయగలరు" అని క్లాస్ టీచర్‌కి రాస్తారు కొందరు. ఒకటి రెండు రోజులకు మంజూరు చేయడానికేమీ లేదు, తెలిస్తే చాలు. పది రోజులకు మంజూరు చేసే అధికారం ఆవిడకు లేదు. రెండు విధాలా ఆ మాట ఆవిడ దగ్గర చెల్లదు. "నోట్స్ ఎవరైనా పంపితే బాగుంటుంది" అన్నది ప్రిన్సిపాల్‌కి రాయడం కూడా సరిగ్గా అలాంటిదే. అది క్లాస్ టీచర్ పని, అక్కడికి మార్చండి.

---

కాప్రా_కుర్రాడు · 8:05

ఇప్పుడు అన్నీ స్కూల్ యాప్‌లోనే కదండీ. లీవ్ నొక్కి, తేదీలు పెట్టి, ప్రిస్క్రిప్షన్ ఫోటో ఎక్కిస్తే అయిపోయే దానికి ఇంత చర్చ ఎందుకు?

---

రికార్డు_గది · 8:20

యాప్ ఉన్నచోట తప్పకుండా అందులో పెట్టాలి. కానీ ఇక్కడ టీచరే లెటర్ అడిగారు. పైగా యాప్‌లో కారణం రాసే గడి చిన్నది. పరీక్షల మాట, అంటువ్యాధి మాట అందులో పట్టవు. పరీక్ష విషయంలో ప్రిన్సిపాల్ నిర్ణయం ఒకటి కావాలి కాబట్టి, సంతకంతో కాగితం ఉండటమే మేలు. యాప్‌లో పెట్టినా కాగితం ఇవ్వండి. రెండింటిలో తేదీలు ఒకేలా ఉండాలి. యాప్‌లో 25 అని, లెటర్‌లో 26 అని ఉంటే ఆ ఒక్క రోజు గురించి మళ్ళీ ఫోన్లు.

---

పద్యప్రియుడు · 8:45

భాష గురించి నా మాట. ప్రధానాచార్యులకు రాసేటప్పుడు గ్రాంథిక మర్యాద పాటించాలి. "కోరుతున్నాను" కాదు, "ప్రార్థించుచున్నాను" అనాలి. "రాస్తున్నది" కాదు, "వ్రాయునది". "కోసం" కాదు, "కొరకు". చివర "తమ విధేయుడు" అని ముగించాలి. మనం బడిలో నేర్చుకున్న లేఖారచన అదే. ఉప్పల్ నాన్న గారి ఉత్తరంలో తప్పల్లా మధ్యలో "ప్లీజ్" రావడమే. మొదలు పెట్టిన స్థాయిని చివరిదాకా నిలబెట్టలేదు.

---

అత్తాపూర్_ప్రూఫ్ · 9:10

పద్యప్రియుడు గారూ, చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. స్థాయి మధ్యలో మారడమే ఈ ఉత్తరానికి అసలు జబ్బు. "వ్రాయునది ఏమనగా" అని మొదలై "అమ్మవారు పోసింది" దగ్గర ఇంటి భాషకు దిగింది, "కావున" దగ్గర మళ్ళీ ఎక్కింది, "ప్లీజ్" దగ్గర వాట్సాప్‌కి జారింది. ఏ మాటకామాట తప్పు కాదు, పక్కపక్కన పెడితేనే అతకదు.

అంతమాత్రాన ఉత్తరమంతా గ్రాంథికంలో ఉండాలంటే ఒప్పుకోలేను. "ప్రార్థించుచున్నాను" ఈరోజు రాస్తే పాత దస్తావేజు చదివినట్టుంటుంది. రాసేవారికి అలవాటు లేకపోతే రెండో వాక్యంలోనే పట్టు తప్పుతుంది కూడా. మొదట "ప్రార్థించుచున్నాను", ఆ తర్వాత "వస్తుంది", "ఉంది" అని పడిపోతుంది. మామూలు వ్యవహార భాషలోనే నిటారుగా రాయొచ్చు: "కోరుతున్నాను", "జతచేస్తున్నాను", "హాజరు కాలేదు". "కావున", "నుండి", "వరకు" ఉన్నా ఈ భాషలో ఇమిడిపోతాయి.

"విధేయుడు" విషయంలో కూడా తేడా ఉంది. బడిలో మనం నేర్చుకున్న లేఖ విద్యార్థి రాసేది. విద్యార్థి ప్రధానోపాధ్యాయుడికి విధేయుడు, సరే. ఇక్కడ రాస్తున్నది తండ్రి. ఆయన ఆ బడికి విధేయుడు కాదు. "భవదీయుడు" అని సంతకం పెట్టాలి, తల్లి రాస్తే "భవదీయురాలు". పాప చేత రాయించి తండ్రి కింద సంతకం పెట్టినా చెల్లుతుంది, అప్పుడు "మీ విధేయ విద్యార్థిని" అని పాప పేరు ఉండాలి. పాపకు ఒంట్లో బాగోలేదు గనక తండ్రి రాయడమే సబబు.

ఇక అడిగే క్రియ. మన తెలుగులో వినయం చాలా మటుకు అక్కడే ఉంటుంది, విశేషణాల్లో కాదు. "సెలవు ఇవ్వండి" అంటే ఎదురుగా నిలబడి అడిగినట్టు. "ఇవ్వగలరు" అంటే ఒక మెట్టు పైన. "ఇప్పించగలరు" ఇంకో మెట్టు, ఎందుకంటే ఆవిడ స్వయంగా చేయనక్కర్లేదు, మాట చెబితే కింది వాళ్ళ చేత జరుగుతుంది అన్న అర్థం ఆ "ఇప్పించు"లో ఉంది. పరీక్ష విషయానికి ఇది సరిగ్గా నప్పుతుంది, పరీక్ష పెట్టేది ఆవిడ కాదు గదా. "పరీక్షలు తర్వాత రాసే అవకాశం ఇప్పించగలరని మనవి." సెలవుకేమో "మంజూరు చేయగలరు" చాలు. ఈ రెండు క్రియలూ సరిగ్గా పడితే "గౌరవనీయులైన" ఒక్కసారి చాలు, ఇంకే అలంకారమూ అక్కర్లేదు.

అన్నట్టు మంజూరు, హాజరు, దరఖాస్తు, ఇవన్నీ ఉర్దూ దారిన మన ఆఫీసుల్లోకి వచ్చి స్థిరపడ్డవే. వీటిని తీసేసి సంస్కృతం పెట్టాలని చూడకండి. "అంగీకరించి అనుగ్రహించగలరు" కన్నా "మంజూరు చేయగలరు" హైదరాబాదులో ఎవరికైనా చటుక్కున అర్థమవుతుంది.

---

పద్యప్రియుడు · 9:25

విధేయుడు విషయం ఒప్పుకుంటున్నాను, విద్యార్థి లేఖే నా మనసులో ఉంది. గ్రాంథికం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. రాయగలిగినవాళ్ళు రాయాలి.

---

మలక్‌పేట_సుజాత · 9:40

మా తమ్ముడి పెళ్ళి వరంగల్‌లో. బాబు అయిదో తరగతి, నాలుగు రోజులు మాన్పించాలి. ఇక్కడ చెప్పిన లెటర్‌నే కారణం మార్చి వాడుకోవచ్చా? లేకపోతే జ్వరం అని క్లాస్ టీచర్‌కి మెసేజ్ పెడితే సరిపోతుందా? నాలుగు రోజులకు ప్రిన్సిపాల్ దాకా ఎందుకని.

---

సరళ_టీచర్ · 9:58

సుజాత గారూ, జ్వరం అని మాత్రం పెట్టకండి. పిల్లలు తిరిగి రాగానే మొదటి గంటలోనే మామ పెళ్ళి విశేషాలు క్లాసంతా చెప్పేస్తారు. ఆ తర్వాత నిజంగా జ్వరం వచ్చిన రోజు మీ మాట తేలికైపోతుంది.

అదే లెటర్ పనికిరాదు. జబ్బు మనల్ని అడిగి రాదు. కాబట్టి అక్కడ జరిగినది తెలియజేసి, రికార్డు చేయమంటున్నాం. పెళ్ళి ముందే తెలిసిన సంగతి. అందుకని అది అనుమతి అడగడం. ఉత్తరం పెళ్ళికి ముందే, వీలైతే వారం ముందు చేరాలి. "హాజరు కాలేదు" అని కాకుండా "హాజరు కాలేడు, కావున అనుమతి ఇవ్వగలరు" అని ఉండాలి. ఆ తేదీల్లో పరీక్ష లేదని చూసుకుని ఆ ముక్క కూడా రాయండి. ప్రిన్సిపాల్ ముందు వెతికేది అదే. ఎన్ని రోజులు దాటితే ప్రిన్సిపాల్‌కి రాయాలన్నది బడిని బట్టి ఉంటుంది. డైరీ మొదటి పేజీల్లో రాసి ఉంటుంది, చూడండి. డైరీలో సెలవుల పేజీ ఉంటే అది కూడా నింపి సంతకం పెట్టండి.

---

నాగోల్_రవి · 10:10

ఉప్పల్ నాన్న గారూ, జాగ్రత్త. 75 శాతం హాజరు లేకపోతే పైతరగతికి పంపరు. ఆ సంగతి ఉత్తరంలో గట్టిగా రాసి, మినహాయింపు అడగండి.

---

రికార్డు_గది · 10:30

రవి గారూ, 75 శాతం నిజమే, కానీ అది ఇక్కడికి వర్తించదు. సీబీఎస్‌ఈలో 10, 12 తరగతుల పిల్లలు బోర్డు పరీక్ష రాయడానికి ఆ హాజరు కావాలి. అక్కడ వైద్య కారణాలతో తగ్గితే కాగితాలు బోర్డు దాకా వెళ్తాయి, ఆ తరగతుల వాళ్ళకు ప్రతి లెటరూ ప్రిస్క్రిప్షనూ ప్రాణంతో సమానం. ఏడో తరగతి పిల్లకు పదకొండు రోజులు పోతే ఆ లెక్క రాదు. అడగని దానికి మినహాయింపు అడిగితే ఉత్తరం పొడుగవుతుంది, చదివేవారి దృష్టి పరీక్షల మీంచి పక్కకు పోతుంది.

పదకొండు అని ఎలా అన్నానంటే, 14వ తేదీ నుంచి 26 దాకా పదమూడు రోజులు. అందులో 20 ఆదివారం, 21 సోమవారం బోనాల సెలవు. మిగిలినవి పదకొండు. ఉత్తరంలో మాత్రం రోజుల సంఖ్య కన్నా తేదీలు రాయడమే మంచిది. ఏది సెలవో ఏది పని దినమో వాళ్ళే లెక్కేసుకుంటారు. 14, 15 తేదీలను వదిలేసి 16 నుంచి రాయకండి. ఆ రెండు రోజులూ మెసేజ్‌తో సరిపోయాయని మీరనుకుంటారు, ఫైల్లో మాత్రం వాటికి ఆధారం ఉండదు. ఒకే జబ్బు, ఒకే ఉత్తరం.

---

డాక్టరమ్మ_తార్నాక · 10:50

ఒక మాట మీద ఎవరూ ఆగలేదు, అందుకే రాస్తున్నాను. "అమ్మవారు పోసింది" అని ప్రిన్సిపాల్‌కి రాయకండి. నమ్మకాన్ని తప్పు పట్టడం కాదు. ఆ మాటకు అర్థం ఒకటి కాదు. పాతకాలంలో మశూచినీ అన్నారు, ఆటలమ్మనీ అంటారు, కొన్ని ఇళ్ళల్లో తట్టును కూడా అదే పేరుతో పిలుస్తారు. చికెన్‌పాక్స్ వేరు, తట్టు వేరు. మిగతా పిల్లల విషయంలో బడి తీసుకునే జాగ్రత్త దాన్నిబట్టి మారుతుంది. కాబట్టి డాక్టర్ చీటీ మీద ఉన్న పేరే రాయండి: చికెన్‌పాక్స్. క్లాస్ టీచర్‌తో ఫోన్‌లో "ఆటలమ్మ అండి" అంటే అర్థమైపోతుంది, ఫరవాలేదు.

ఇంకొకటి. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. సోమవారం నుంచి పాప బడికి వెళ్ళలేదు, పొక్కులు బుధవారం. అంటే చివరగా బడికి వెళ్ళిన రోజుకు అంటించే గడువు మొదలై ఉండకపోవచ్చు, అయినా చెప్పడం మంచిది. అంటుకున్నవాళ్ళలో బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పట్టొచ్చు. పక్కన కూర్చున్న పిల్లల తల్లిదండ్రులకు ఆ గడువు తెలిసి ఉండాలి. ఈ సంగతి ఉత్తరం చేరేదాకా ఆగకూడదు, టీచర్‌కి ఈరోజే మెసేజ్ వెళ్ళాలి. ప్రైవేటుగా పెట్టండి, తరగతి గ్రూపులో కాదు. గ్రూపులో పిల్ల పేరుతో పెడితే ఆ పాప తిరిగొచ్చాక పక్కన కూర్చోవడానికి జంకుతారు.

తిరిగి పంపేది తేదీని బట్టి కాదు, పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాక. 26 అన్నది అంచనా. ఉత్తరంలో ఆ వెసులుబాటు కనిపించాలి.

---

ఉప్పల్_నాన్న · జూలై 17, ఉదయం 6:30

అందరికీ ధన్యవాదాలు. రాత్రి కూర్చుని రెండూ విడివిడిగా రాశాను. తప్పులుంటే చెప్పండి, తొమ్మిదింటికి ఇచ్చి రావాలి. పేరు, నంబర్లు ఇక్కడ ఖాళీగా వదిలాను.

క్లాస్ టీచర్‌కి వాట్సాప్, నిన్న రాత్రే పెట్టేశాను:

"నమస్తే మేడమ్. ____, 7-బి. పొక్కులు వచ్చాయి, డాక్టర్ చికెన్‌పాక్స్ అన్నారు. చివరగా బడికి వచ్చింది శుక్రవారం 11న. పక్కన కూర్చునే పిల్లల ఇళ్ళల్లో చెప్పడం మంచిదని డాక్టర్ అన్నారు, ఎలా చెప్పాలో మీరే చూడండి. ప్రిన్సిపాల్ గారికి లెటర్ రేపు ఇస్తాను, మీకు కాపీ ఇస్తాను. నోట్స్ వారానికొకసారి ఫోటోలు పంపితే చాలండి, రోజూ అక్కర్లేదు."

ప్రిన్సిపాల్ గారికి:

"తేదీ: 17-7-2025
గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
విషయం: 7వ తరగతి బి సెక్షన్ విద్యార్థిని ____ కు అనారోగ్య సెలవు గురించి.
ఆర్యా,
మా కుమార్తె ____ (రోల్ నంబరు __, అడ్మిషన్ నంబరు __) 14-7-2025 నుండి జ్వరంతో బాధపడుతూ పాఠశాలకు హాజరు కాలేదు. 16వ తేదీన డాక్టరు పరీక్షించి చికెన్‌పాక్స్ అని నిర్ధారించారు. ఇది అంటువ్యాధి అయినందున పొక్కులు పూర్తిగా ఎండే వరకు పాఠశాలకు పంపవద్దని సూచించారు. కావున 14-7-2025 నుండి 26-7-2025 వరకు సెలవు మంజూరు చేయగలరు. డాక్టరు సూచనను బట్టి తేదీ మారితే వెంటనే తెలియజేస్తాను.
23వ తేదీ నుండి జరిగే ఎఫ్‌ఏ-1 పరీక్షలకు మా కుమార్తె హాజరు కాలేదు. వాటిని తర్వాత రాసే అవకాశం ఇప్పించగలరని మనవి.
డాక్టరు చీటీ నకలు జతచేస్తున్నాను.
భవదీయుడు,
సంతకం, పేరు, ఫోన్ నంబరు
ప్రతి: క్లాస్ టీచర్, 7-బి"

---

అత్తాపూర్_ప్రూఫ్ · 6:55

చాలా బాగుంది. ఒక్కచోటే చిక్కు. "ఎఫ్‌ఏ-1 పరీక్షలకు మా కుమార్తె హాజరు కాలేదు" అంటే రెండర్థాలు: హాజరవ్వలేదు, హాజరవ్వడం సాధ్యం కాదు. పైన 14వ తేదీ వాక్యంలో జరిగిపోయిన అర్థం ఉంది, ఇక్కడ జరగబోయేది. మాట మాత్రం ఒకటే. వేగంగా చదివేవారికి పరీక్షలు అయిపోయాయనిపిస్తుంది. "హాజరయ్యే అవకాశం లేదు" అని మార్చండి. సుజాత గారికి ఈ చిక్కు లేదు. మగపిల్లాడు కాబట్టి "హాజరు కాలేదు", "హాజరు కాలేడు" అని రెండు రూపాలు విడిగా ఉంటాయి. ఆడపిల్లకు రెండూ "కాలేదు" అవుతాయి.

"ఆర్యా" విషయం. ప్రిన్సిపాల్ మహిళ అని తెలుసు కాబట్టి కొందరు "అమ్మా" అంటారు, కొందరు "మేడమ్" అంటారు. ఆఫీసు ఉత్తరాల్లో "ఆర్యా" ఇద్దరికీ వాడటం చూస్తూనే ఉంటాం. ఎటూ తేలకపోతే ఆ గీత తీసేసి "విషయం" నుంచి నేరుగా మొదలుపెట్టినా లోటేమీ ఉండదు.

---

సరళ_టీచర్ · 7:05

"మేడమ్" పెట్టండి. నోటితో పిలిచేది అదే కదా.

టీచర్‌కి పెట్టిన మెసేజ్ చక్కగా ఉంది, "వారానికొకసారి చాలు" అన్నది మరీ బాగుంది. రోజూ ఆరు సబ్జెక్టుల నోట్స్ ఫోటో తీసి పంపమంటే టీచర్ కాదనలేరు, పంపనూ లేరు.

తిరిగి పంపే రోజు సంగతి. డాక్టర్ చూసి "బడికి వెళ్ళొచ్చు" అని రాసిన ఫిట్‌నెస్ చీటీ పాప చేతికిచ్చి పంపండి. దానికి మళ్ళీ ప్రిన్సిపాల్‌కి ఉత్తరం అక్కర్లేదు. డైరీలో క్లాస్ టీచర్‌కి రెండు వాక్యాలు రాసి చీటీ పిన్ చేస్తే చాలు. గేటు దగ్గరో ఆఫీసులోనో అడిగితే చూపించడానికి నకలు ఒకటి సంచిలో ఉంచండి.

---

రికార్డు_గది · 7:12

ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఆఫీసులో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద "అందినది" అని సంతకం, తేదీ, బడి ముద్ర వేయించుకోండి. పరీక్ష మాట మళ్ళీ వచ్చినప్పుడు అదే ఆధారం. ముద్ర వేయించుకున్న దాని ఫోటోనే క్లాస్ టీచర్‌కి కాపీగా పంపండి.

---

పద్యప్రియుడు · 7:30

ఉత్తరం బాగుంది. గ్రాంథికం లేకపోయినా నిలబడింది, ఒప్పుకుంటాను. "బాధపడుతూ" బదులు "బాధపడుచు" ఉంటే ఇంకా బాగుండేది.

---

యాదాద్రి_శీను · 7:45

నాదో ప్రశ్న. మనం ఇంట్లో "పానం మంచిగ లేదు" అంటాం. టీచర్ కూడా నల్గొండ మనిషే, ఫోన్‌లో అట్లనే మాట్లాడుతది. మెసేజ్‌లో కూడా "మేడమ్, పాపకు పానం మంచిగ లేదు, రేపు రాదు" అని పెడితే తప్పా? అందరూ "ఒంట్లో బాగోలేదు" అనే రాయమంటున్నరు.

---

అత్తాపూర్_ప్రూఫ్ · 8:00

తప్పేముంది? మాట్లాడే మనిషికి మాట్లాడే భాషలో రాస్తున్నారు. "మేడమ్" ఉంది, మర్యాద ఉంది. ప్రిన్సిపాల్ లెటర్‌లో మాత్రం "అనారోగ్యం" అనాలి. అక్కడ "ఒంట్లో బాగోలేదు" కూడా నప్పదు, అదీ ఇంటి మాటే.

---

సరళ_టీచర్ · 8:10

శీను గారూ, నేనైతే కొంచెం వెనకాడతాను. ఫోన్‌లో వినిపించే దగ్గరితనం రాతలో ఒక్కోసారి చనువులా కనిపిస్తుంది. పైగా ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఆఫీసుకు వెళ్ళే సందర్భం కూడా రావచ్చు.

---

యాదాద్రి_శీను · 8:14

స్క్రీన్‌షాట్ ఆఫీసుకు పోతే ఏమైతది మేడమ్? అక్కడున్నోళ్ళు గూడ ఇంట్ల గట్లనే మాట్లాడుతరు గద.

---

ఉప్పల్_నాన్న · 9:35

ఇచ్చేసి వచ్చాను, ముద్ర వేయించుకున్నాను. "హాజరయ్యే అవకాశం లేదు" అని మార్చాను, "మేడమ్" పెట్టాను. సెలవుకు అక్కడే సంతకం అయింది. ఎఫ్‌ఏ-1 సంగతి పరీక్షల ఇన్‌చార్జితో మాట్లాడి చెబుతామన్నారు.